రుద్రమదేవి చివరి ఏడాది, గుండ్యన తండ్రి: శాసనం చెప్పేదెంత, లెక్క తేల్చేదెంత

హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ మీద నడిచేవాళ్లందరికీ రుద్రమదేవి విగ్రహం తెలుసు. ఆమె ఎప్పటినుంచి ఎప్పటిదాకా పాలించిందని అడిగితే మాత్రం రెండు జవాబులు వస్తాయి. పాత చరిత్ర పుస్తకాలు చదివినవాళ్లు 1262 నుంచి 1295 దాకా అంటారు. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు కూర్చున్న పిల్లలు 1289 అని టిక్కు పెడతారు. ఆరేళ్ల తేడా. ఈ తేడా ఎవరి అభిప్రాయం మారడం వల్లో రాలేదు. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద వెళ్తే నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరు ఉంది. అక్కడ దొరికిన ఒక రాతి శాసనం వల్ల వచ్చింది.

ఆ శాసనం వేయించింది రాజు కాదు, మంత్రి కూడా కాదు. పువ్వుల ముమ్మడి అనే ఒక బంటు. కాకతీయ రుద్రమదేవి శివలోకానికి వెళ్లిందని, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు కూడా శివలోకానికి వెళ్లాడని చెప్పి, వాళ్లకు పుణ్యం కలగాలని చందుపట్ల సోమనాథ దేవుడికి భూమి దానం చేశాడు. శకవర్షం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ పక్షం. శాసనంలో అసలు సంగతి ఇంతే. ఒక మహారాణి మరణం గురించి మనకు దొరికిన గట్టి సాక్ష్యం, ఒక చిన్న ఊరి గుడికి చిన్న ఉద్యోగి ఇచ్చిన భూమి పత్రంలో మధ్యలో వచ్చే వాక్యం.

ఈ తేదీని ఎలా నమ్మాలి? శాసనాలు చదివేవాళ్లు మొదట చూసేది శకవర్షం అంకెనే కాదు, దాని పక్కన ఉన్న సంవత్సరం పేరు కూడా. అంకె చెక్కేటప్పుడు పొరపాటు జరగొచ్చు, రాయి అరిగి 1 కాస్తా మరోలా కనిపించొచ్చు. పైగా శకవర్షాన్ని రెండు రకాలుగా లెక్కించేవాళ్లు. గడిచిపోయిన సంవత్సరాలను లెక్కపెడితే ఒక అంకె వస్తుంది, నడుస్తున్న సంవత్సరాన్ని కూడా కలిపితే ఒకటి ఎక్కువ వస్తుంది. 1211 అని మాత్రమే ఉంటే అది 1289నా 1288నా అన్న అనుమానం మిగిలిపోతుంది. ఆ అనుమానాన్ని తీర్చేది విరోధి అన్న పేరే.

తెలుగువాళ్లకు ఈ లెక్క చాలా సులువు. గడిచిన శకవర్షానికి 12 కలిపి, 60తో భాగిస్తే వచ్చే శేషమే ప్రభవ మొదలుకుని సంవత్సరం వరుస సంఖ్య. 1211కి 12 కలిపితే 1223. అందులోంచి ఇరవై అరవైలు, అంటే 1200 తీసేస్తే 23 మిగులుతుంది. ప్రభవ, విభవ, శుక్ల అని లెక్కపెట్టుకుంటూ వెళ్తే ఇరవైమూడోది విరోధి. పంచాంగం చేతిలో లేకపోయినా ఇంకో దారి ఉంది. 2009 ఉగాదికి వచ్చింది విరోధి సంవత్సరమే. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి పన్నెండు అరవైలు, అంటే 720 వెనక్కి వెళ్తే సరిగ్గా 1289. అంకె, పేరు ఒకదానికొకటి సరిపోయాయి. నడుస్తున్న సంవత్సరం లెక్కయితే పేరు సర్వధారి అయి ఉండాలి, కాలేదు. మార్గశిరం ఇంగ్లిష్ సంవత్సరం చివర్లో వస్తుంది కాబట్టి శకవర్షానికి 78 కలిపితే చాలు. పుష్యం, మాఘం, ఫాల్గుణం అయితే చాలాసార్లు జనవరి దాటుతుంది, అప్పుడు 79 కలపాలి. ఇది పట్టించుకోకపోవడం వల్ల ఒక ఏడాది అటూ ఇటూ అయిన తేదీలు పుస్తకాల్లో కనిపిస్తూనే ఉంటాయి. చందుపట్ల శాసనానికి ఆ ఇబ్బంది లేదు. అది 1289 నవంబరు చివరి వారానికి చెందుతుంది.

ఇక్కడే అందరూ ఒక అడుగు ఎక్కువ వేస్తారు. రుద్రమదేవి చనిపోయింది 1289 నవంబరు 27న అని ఏటా ఆ రోజున పోస్టులు, నివాళులు కనిపిస్తాయి. అభిమానంతో చేసేదే, తప్పు పట్టాల్సిన పని లేదు. కానీ శాసనం మీద ఉన్న తేదీ దానం ఇచ్చిన తేదీ. ఆమె అప్పటికే లేదు. ఎన్ని రోజుల ముందు పోయిందో, ఎన్ని వారాల ముందు పోయిందో రాయి చెప్పదు. మాసికం లాంటి సందర్భంలో దానం చేశారా, వార్త అందగానే చేశారా అన్నది కూడా అందులో లేదు. ఒక బంటు తన దొరను, రాణిని కలిపి తలచుకుని దానం ఇచ్చాడంటే ఆ ఇద్దరి మరణం కొత్త సంగతే అయి ఉంటుందనుకోవడం సహజం. అది బలమైన ఊహ. అయినా ఊహే. చరిత్రకారుడు రాయగలిగింది ఏమిటంటే, 1289 నవంబరు చివరినాటికి ఆమె జీవించి లేదు అని. ఈ వాక్యానికి, ఆ రోజే చనిపోయింది అన్న వాక్యానికి తేడా చిన్నగా కనిపిస్తుంది. శాసనాలతో పని మొత్తం ఆ తేడా మీదే నడుస్తుంది.

ఎలా చనిపోయింది అన్నదానికీ ఇదే వర్తిస్తుంది. రాణి, సేనాని ఇద్దరూ ఒకే వాక్యంలో శివలోకానికి వెళ్లారు కాబట్టి యుద్ధంలో పోయి ఉంటారని చరిత్రకారులు అనుకున్నారు. అప్పట్లో ఆమెకు ఎదురు తిరిగింది కాయస్థ అంబదేవుడు. మరుసటి ఏడాది, 1290లో, త్రిపురాంతకం గుడిలో అతను వేయించిన శాసనంలో తన విజయాలన్నీ ఏకరువు పెట్టుకున్నాడు. చందుపట్ల శాసనాన్ని, త్రిపురాంతకం శాసనాన్ని పక్కపక్కన పెడితే కథ కుదురుతుంది. అయితే చందుపట్ల రాయి మీద యుద్ధం అన్న మాట లేదు, స్థలం పేరు లేదు, శత్రువు పేరు లేదు. రెండు శాసనాలను కలిపిన దారం మనది. దారం గట్టిదే. కానీ పాఠకుడికి రాయి ఏది, దారం ఏది అని విడదీసి చెప్పాలి.

ఇక పాలన మొదలు. చివరి ఏడాదికి ఒక శాసనం సరిపోయింది గానీ మొదటి ఏడాదికి అలా కుదరదు. ఎందుకంటే రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు బతికి ఉండగానే ఆమె పాలనలో భాగం పంచుకుంది. 1261 నాటి మల్కాపురం శాసనం ఇందుకు మంచి ఉదాహరణ. గుంటూరు వైపు కృష్ణ ఒడ్డున ఉన్న మల్కాపురంలో పెద్ద నంది స్తంభం మీద ఉంది ఇది. విశ్వేశ్వర శంభువు అనే శైవ గురువుకు గణపతిదేవుడు మందడం ఇచ్చాడని, రుద్రమదేవి వెలగపూడి ఇచ్చిందని ఇందులో ఉంది. ఇప్పుడు అమరావతి పేరుతో వార్తల్లో రోజూ వినిపించే ఊళ్లే అవి. ఒకే శాసనంలో తండ్రీ ఇచ్చాడు, కూతురూ ఇచ్చింది. అంటే అప్పటికి ఆమెకు ఊరు దానం చేసే అధికారం ఉంది. దాన్ని బట్టి ఆమె పాలన 1261కే మొదలైందని చెప్పొచ్చా?

చెప్పలేం. ఎందుకంటే 1269 నాటి దుర్గి శాసనంలో ఆమెను గణపతిదేవుడి పట్టోద్ధతి అన్నారు. పట్టం కట్టడానికి ఎంపికైన వ్యక్తి అని ఆ మాటకు అర్థం. పట్టాభిషేకం అయిపోయిన రాణిని ఎవరూ అలా అనరు. ఈ శాసనం వేయించింది ఆమెకు లోబడి పనిచేస్తున్న కాయస్థ జన్నిగదేవుడు, దర్బారు సంగతులు తెలిసినవాడు. కాబట్టి 1262 నుంచి పనులు ఆమె చేతిమీదుగా నడిచాయి, పట్టాభిషేకం మాత్రం 1269 తర్వాతే అని చాలామంది చరిత్రకారులు తేల్చారు. పుస్తకాల్లో ఇప్పటికీ 1262 అనే రాస్తారు, అది తప్పు కూడా కాదు. అయితే ఆ అంకె అధికారం చేతికొచ్చిన ఏడాదిని చెబుతుంది, కిరీటం పెట్టిన ఏడాదిని కాదు. ఒకే రాజుకు రెండు పుస్తకాల్లో రెండు తేదీలు కనిపించినప్పుడు కంగారుపడకుండా, ఈ తేదీ దేనిది అని అడిగితే సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

ఇదే మల్కాపురం శాసనం వంశం విషయంలో ఇంకో పెద్ద చిక్కు విప్పింది. మార్కో పోలో తన ప్రయాణ వర్ణనలో ఈ దేశాన్ని ఒక రాణి పాలిస్తోందని, ఆమె భర్త చనిపోయాక రాజ్యం చేస్తోందని రాశాడు. దాన్ని నమ్మి రుద్రమదేవి గణపతిదేవుడి భార్య అని ఒకప్పుడు రాసినవాళ్లున్నారు. విదేశీ యాత్రికుడు విన్నది ఒకటి, ఆ కుటుంబానికి గురువైనవాడికి ఇచ్చిన దాన శాసనంలో ఉన్నది ఇంకొకటి. శాసనం ఆమెను గణపతిదేవుడి కూతురని చెబుతుంది. రెండూ దాదాపు ఒకే కాలానివి. అయినా రెండింటి బరువు ఒకటి కాదు. ఒకదాన్ని చెప్పినవాడికి తెలిసే అవకాశం ఎంత, తప్పు చెబితే పట్టుకునేవాళ్లు చుట్టూ ఉన్నారా లేదా అన్నది చూడాలి. మల్కాపురం స్తంభం దగ్గర నిలబడ్డవాళ్లందరికీ రాణి ఎవరి కూతురో తెలుసు.

పేరు దగ్గర కూడా జాగ్రత్త అవసరం. చాలా శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు అని మగ పేరుగానే ఉంటుంది. అదే పేరుతో ఆమెకు తాతల తరంలో ఇంకో రుద్రదేవుడు ఉన్నాడు, హనుమకొండలో వేయి స్తంభాల గుడి కట్టించినవాడు. తేదీ అరిగిపోయిన ఒక ముక్క శాసనంలో రుద్రదేవ మహారాజు అని మాత్రమే ఉంటే ఇద్దరిలో ఎవరిదో తేల్చడానికి లిపి తీరు, దానం ఇచ్చిన సామంతుడి పేరు చూడాల్సిందే. సామంతుడే ఎక్కువ పనికొస్తాడు. జన్నిగదేవుడో అంబదేవుడో ఉంటే మొదటి రుద్రుడి కాలం కానే కాదు.

ఇంతవరకు ఉన్నవన్నీ రాతి శాసనాలు. వాటి బలం తేదీ. వంశం మూలాల్లోకి వెళ్లాలంటే రాగి రేకులు కావాలి. గుడి గోడ మీద లేదా స్తంభం మీద చెక్కే శాసనం ఊరివాళ్లందరికీ కనపడాలి, కాబట్టి ఎవరు, ఎవరికి, ఏ రోజు, ఏ పొలం అన్నది ముఖ్యం. రాగి రేకులు దానం పుచ్చుకున్నవాడి ఇంట్లో ఉండే పట్టా. రేపు ఎవరైనా కాదంటే చూపించాలి. అందుకే వాటిలో ఇచ్చిన రాజు ఎవరి కొడుకు, ఎవరి మనవడు అన్నది మొదటి రేకు నుంచీ విస్తారంగా ఉంటుంది. రేకులను ఒక కడియంతో గుచ్చి, కడియం రెండు కొసలూ కలిసేచోట రాజముద్ర వేస్తారు. వేంగీ చాళుక్యుల ముద్ర మీద వరాహం, శ్రీ త్రిభువనాంకుశ అన్న అక్షరాలు ఉంటాయి. అక్షరాలు రాసుకుపోకుండా రేకుల అంచులు కొంచెం పైకి లేపి ఉంటాయి, మొదటి రేకు బయటి వైపు ఖాళీగా వదిలేస్తారు.

కాకతీయుల వంశానికి సంబంధించి అలాంటి రేకులు నందిగామ ప్రాంతంలోని మాగల్లులో దొరికాయి. పుస్తకాల్లో మాంగల్లు శాసనం అంటారు. ఇచ్చింది కాకతీయులు కాదు, వేంగీ చాళుక్య రాజు దానార్ణవుడు. కాకర్త్య గుండ్యన అనే సామంతుడు అడిగితే, ఆ గుండ్యన కోసం వ్రతం చేసిన దొమ్మన అనే బ్రాహ్మణుడికి నతవాడి విషయం, అంటే నతవాడి సీమలోని ఆ ఊరిని ఇచ్చాడు. ఆ సందర్భంలో గుండ్యన కుటుంబం వివరం వచ్చింది. గుండియ రాష్ట్రకూటుడి కొడుకు ఎరియ రాష్ట్రకూటుడు, అతని కొడుకు బేతియ, బేతియకు వంద్యనాంబకు పుట్టినవాడు గుండ్యన. తల్లి పేరుతో సహా నాలుగు తరాలు.

మూడు శతాబ్దాలకు దగ్గరగా కాలం గడిచాక, గణపతిదేవుడి సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి ఒక శాసనం వేయించింది. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఉంది ఆ చెరువు. అందులో పుట్టింటి వంశం మొత్తం చెప్పుకుంది. వెన్నడు, ఆ తర్వాత ముగ్గురు గుండలు, ఎర్ర, పిండి గుండ, బేత, ప్రోల, మళ్లీ బేత, మళ్లీ ప్రోల, రుద్రుడు, మహాదేవుడు, గణపతి. రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే గుండ, ఎర్ర సరిపోతారు. రేకుల్లోని గుండియ మూడో గుండ, ఎరియ ఎర్ర, గుండ్యన పిండి గుండ. కానీ రేకుల్లో ఎరియకు, గుండ్యనకు మధ్య బేతియ ఉన్నాడు. బయ్యారంలో లేడు. ఎర్ర తర్వాత నేరుగా పిండి గుండ వస్తాడు.

ఎవరిని నమ్మాలి? మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ ఇక్కడ ఏమైనా సాయపడుతుందేమో అనిపిస్తుంది. మైలాంబ పుట్టింట్లో బేత, ప్రోల, బేత, ప్రోల అని ఒకటి విడిచి ఒకటి రావడం ఆ ఆనవాయితీయే. కానీ ఈ చిక్కు దగ్గర అది తీర్పు చెప్పదు. బయ్యారం వరుస నిజమైతే గుండ కొడుకు ఎర్ర, ఎర్ర కొడుకు గుండ, అంటే తాత పేరు వచ్చింది. రేకుల వరుస నిజమైతే గుండ్యన కొడుకు బేతకు తాత బేతియ పేరు వచ్చింది. రెండూ చక్కగానే కుదురుతాయి. ఆనవాయితీ రెండు వైపులా సాక్ష్యం ఇస్తే అది సాక్ష్యం కింద పనికిరాదు.

తేల్చాల్సింది మరో రకంగా. రేకులు గుండ్యన బతికి ఉండగా, అతను అడిగితే, అతని ఎదుట రాసినవి. తన తండ్రి ఎవరో తల్లి ఎవరో చెప్పింది అతనే అయి ఉండాలి. మైలాంబ శాసనం ఆ తర్వాత ఆరో తరంలోది. పైగా బయ్యారంలోది కుటుంబంలో పేరున్నవాళ్ల వరుస. అధికారం చేతికి రాకుండానే పోయినవాడు అలాంటి వరుసల్లో జారిపోవడం మామూలే. కాబట్టి బేతియ ఉన్నాడు, బహుశా చెప్పుకోదగ్గ పదవి లేకుండా పోయాడు, అందుకే తర్వాతివాళ్లు వదిలేశారు. హైదరాబాద్‌లో పురావస్తు శాఖలో పనిచేసి కాకతీయ శాసనాలను తన జీవితమంతా పరిశీలించిన పి.వి.పరబ్రహ్మశాస్త్రి ఈ రెండు శాసనాలను కలిపి వరుసను సరిచేసిన తీరు ఇప్పుడు ఎక్కువమందికి సమ్మతం. వంశం చెప్పే శాసనం చేతికొస్తే ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే: ఇది కొడుకుల వరుసా, ఏలినవాళ్ల వరుసా? రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండూ ఒకటి కావు.

రాష్ట్రకూటుడు అన్న మాట దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. గుండియ రాష్ట్రకూటుడు, ఎరియ రాష్ట్రకూటుడు అని చూడగానే కాకతీయులు మాన్యఖేటం రాష్ట్రకూట చక్రవర్తుల బంధువులని అనిపిస్తుంది. అలా రాసినవాళ్లూ ఉన్నారు. కానీ వేంగీ చాళుక్యుల రేకులు నాలుగు చదివినా కళ్లబడే ఒక పడికట్టు వాక్యం ఉంది. దానం ఇచ్చే ముందు రాజు ఆ విషయంలో ఉన్న రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబులను పిలిచి ఆజ్ఞాపిస్తాడు. అక్కడ ఆ మాటకు ఊళ్ల మీద పెత్తనం ఉన్న పెద్దలు అని అర్థం, ఒక రాజవంశం కాదు. అదే రాజ్యపు రేకుల్లో అదే మాట పేరు చివర వస్తే అది పదవి కావచ్చు, విధేయత కావచ్చు, వంశమూ కావచ్చు. ఈ ఒక్క మాట మీద వంశవృక్షం మొత్తం కట్టడం సాహసం.

ఇక ఈ రేకుల కాలం. పుస్తకాలన్నిట్లో 956 అని ఉంటుంది. తమాషా ఏమిటంటే 956కు సమానమైన శకవర్షం మాంగల్లు రేకుల్లో కనిపించదు. ఆ అంకె కట్టిన లెక్క. ఎలా కట్టారో చూస్తే రాగి రేకులతో పాలనా కాలాలు తేల్చే పద్ధతి మొత్తం అర్థమవుతుంది.

వేంగీ చాళుక్యులకు ఒక మంచి అలవాటు ఉంది. రేకుల్లో పూర్వీకుల పేర్లతో పాటు ఎవరు ఎన్నేళ్లు పాలించారో కూడా రాయించారు. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు, జయసింహుడు 33 ఏళ్లు, ఇంద్రభట్టారకుడు ఏడు రోజులు, అలా. ఏడు రోజుల రాజును కూడా వదల్లేదు. దాంతో వరుసగా కూడుకుంటూ పోవచ్చు. అయితే కూడిక ఎక్కడో ఒకచోట గట్టి మేకుకు తగిలించాలి, లేకపోతే గాలిలో వేలాడుతుంది. అలాంటి మేకు రెండో అమ్మరాజు పట్టాభిషేకం. అతని రేకుల్లో అది శకవర్షం 867, మార్గశిర బహుళ త్రయోదశి, శుక్రవారం అని ఉంది. 867కు 78 కలిపితే 945. ఆ ఏడాది మార్గశిర బహుళ త్రయోదశి డిసెంబరు 5న పడింది, ఆ రోజు శుక్రవారమే. తిథి ఒక్కటే సరిపోతే కాకతాళీయం అనుకోవచ్చు. తిథికి వారం కూడా కలిసిందంటే తేదీని నమ్మొచ్చు. తప్పు సంవత్సరం అయితే వారం కలవడానికి ఏడింట ఒక వంతు అవకాశమే ఉంటుంది.

మాంగల్లు రేకులు ఇక్కడికి వచ్చి అతుక్కుంటాయి. అమ్మరాజు 11 ఏళ్లు పాలించి, కృష్ణుడి కోపం వల్ల కళింగానికి వెళ్లిపోయాడని, అతని సోదరుడు దానార్ణవుడు రాజ్యం అందుకున్నాడని అందులో ఉంది. 945కు 11 కలిపితే 956. అదే ఆ ప్రసిద్ధమైన అంకె. దీన్ని పక్క రాజ్యం తేదీతో సరిచూడొచ్చు. ఆ కృష్ణుడు రాష్ట్రకూట చక్రవర్తి మూడో కృష్ణుడైతే అతను 939 నుంచి 967 దాకా పాలించాడు. 956 ఆ మధ్యలోకి చక్కగా వచ్చింది. ఒకవేళ లెక్క 970 అని వచ్చి ఉంటే ఎక్కడో తప్పు జరిగిందని వెంటనే తెలిసిపోయేది.

అంటే గుండ్యన కాలం తెలియడానికి మూడు మెట్లు ఎక్కాం. అమ్మరాజు తన రేకుల్లో ఇచ్చిన పట్టాభిషేకం తేదీ, మాంగల్లు రేకులిచ్చిన 11 ఏళ్లు, దానార్ణవుడికి గుండ్యన సమకాలికుడు కావడం. కాకతీయుల మొదటి నమ్మకమైన తేదీ కాకతీయులది కాదు, వాళ్లు కొలిచిన రాజు తమ్ముడిది.

కూడికలో ఎంత తప్పు దొర్లుతుందో కూడా ఇదే వంశంతో కొలవొచ్చు. తర్వాతి రాజుల రేకుల ప్రకారం అమ్మరాజు 25 ఏళ్లు, దానార్ణవుడు 3 ఏళ్లు, ఆ తర్వాత 27 ఏళ్లు రాజు లేడు, తర్వాత శక్తివర్మ 12 ఏళ్లు, ఆపైన విమలాదిత్యుడు. 945 డిసెంబరు నుంచి కూడుకుంటూ పోతే మొత్తం 67 ఏళ్లు, విమలాదిత్యుడు 1012 డిసెంబరులో రాజు కావాలి. కానీ అతని పట్టాభిషేకం తేదీ రణస్థిపూండి రేకుల్లో విడిగా ఉంది: శకవర్షం 933, ఒక గురువారం. అది 1011 మే 10. వారం సరిపోయింది, కాబట్టి తేదీ గట్టిది. అంటే కూడిక ఏడాదిన్నర పైగా ఎక్కువ చూపించింది. కారణం సులువే. నాలుగు నెలలు నడిచిన ఏడాదిని కూడా ఒక ఏడాదిగానే రాసుకుంటే, ఒక్కో రాజు దగ్గర కొన్ని నెలలు అదనంగా చేరతాయి. నాలుగు పేర్లకే ఇంత అయితే, ఇరవై పేర్లకు ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. కుబ్జ విష్ణువర్ధనుడు వేంగీలో రాజ్యం మొదలుపెట్టింది 615 ప్రాంతమా, 624నా అన్న పాత వాదం వెనక ఈ చేరిక ఒకటి ఉంది. దానికి తోడు వేర్వేరు రేకులు ఒకే రాజుకు వేర్వేరు అంకెలు ఇస్తాయి. జయసింహుడికి కొన్నిట్లో 30, కొన్నిట్లో 33. రెండో విజయాదిత్యుడికి 40 అని, 44 అని, 48 అని మూడు రకాలు.

అలాంటప్పుడు చేసేది ఏమిటంటే, ఆ రాజుకు దగ్గరి కాలంలో రాసిన రేకులకు ఎక్కువ విలువ ఇవ్వడం, ఎక్కువ రేకుల్లో ఉందని ఒక అంకెను ఎంచుకోకపోవడం. ఎందుకంటే ప్రశస్తి భాగాన్ని లేఖకులు పాత రేకు చూసి కొత్త రేకులోకి ఎక్కించేవాళ్లు. ఒకచోట జరిగిన పొరపాటు పదిచోట్లకు పాకుతుంది. పది రేకులు ఒకే మాట చెప్పినా, అవి ఒకే తల్లి ప్రతికి నకళ్లయితే సాక్షి ఒక్కడే.

దొంగ రేకుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఊరు మీద హక్కు కోసం తర్వాతి కాలంలో పాత రాజు పేరుతో రేకులు తయారు చేసిన సందర్భాలు దక్షిణాదిలో చాలా ఉన్నాయి. పట్టుకునే గుర్తులు రెండు మూడు. రాజు ఏడో శతాబ్దం వాడైతే అక్షరాల తీరు పదో శతాబ్దానిది కావడం, తిథికి వారం కలవకపోవడం, ముద్ర ఆ వంశానిది కాకపోవడం. కానీ ఇందులోనూ తొందర పనికిరాదు. వారం కలవకపోవడం నిజమైన రేకులో లేఖకుడి పొరపాటు కూడా కావచ్చు. అసలు రేకులు పాడైతే తర్వాతివాళ్లు నిజాయితీగా తిరగరాయించుకున్నవీ ఉంటాయి. అలాంటి రేకులో అక్షరాలు కొత్తవి, సంగతి పాతది.

ఇదంతా చేయడానికి ముందు రాయి చదవగలిగే స్థితిలో ఉండాలి. శాసనాన్ని బ్రష్‌తో నీళ్లతో కడిగి, తడిపిన కాగితం పరిచి, కాగితం అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్దుతారు. గుంటలు తెల్లగా మిగిలి అక్షరాలు కనిపిస్తాయి. దీన్ని ఎస్టాంపేజ్ అంటారు. ఫొటోలో కనిపించని గీత చాలాసార్లు ఈ కాగితం మీద తేలుతుంది. అందుకే గుడి బాగు చేస్తున్నామని శాసనం రాయికి సున్నమో ఆయిల్ పెయింటో పూయడం నిజంగా బాధ కలిగించే పని. రంగు గుంటల్లో నిండితే అంకెలో ఒక గీత పోతుంది. చందుపట్ల రాయి మీద సంవత్సరం పేరు అలా పోయి ఉంటే, 1211 గడిచిన లెక్కా నడుస్తున్న లెక్కా అన్నది తేల్చడం కష్టమయ్యేది.

మాంగల్లు రేకుల దగ్గర ఇంకో సంగతి మిగిలింది. తర్వాతి చాళుక్య రేకులన్నీ అమ్మరాజు 25 ఏళ్లు, దానార్ణవుడు 3 ఏళ్లు అని వరుసగా చెప్పుకుపోతాయి. వాటిని మాత్రమే చదివితే దానార్ణవుడు 970లో మొదటిసారి రాజయ్యాడని అనుకోవాలి. 956లో తమ్ముడు కళింగానికి వెళ్లిపోతే సవతి అన్న సింహాసనం ఎక్కిన ముచ్చట ఆ వంశం తన లెక్కల్లో రాసుకోలేదు. అమ్మరాజు తిరిగి వచ్చాడు, మధ్యలో పోయిన కాలాన్ని కూడా తన 25 ఏళ్లలోనే కలుపుకున్నాడు. దానార్ణవుడి మొదటి పాలన జరిగిందని తెలిపేది గుండ్యన అడిగి ఇప్పించిన ఈ ఊరి పట్టాయే. అది ఒక బ్రాహ్మణుడి ఇంట్లో ఉండిపోయింది కాబట్టి ఆ ముచ్చట బయటపడింది.